‘మూడు కారకాలు బయటపడినవి’ – ఈ వాక్యం సరేనా?

మాధవి: అందరికీ నమస్కారం. విద్యాశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను, సిద్ధాంతగ్రంథం తెలుగులోనే రాస్తున్నాను. బడి పంతుళ్ళు పాఠ్యపుస్తకాలు కాక ఇంకేం చదువుతారు, ఎంత ఇష్టంగా చదువుతారు అని 10 వాక్యాల ప్రశ్నావళి తయారుచేసి 212 మంది చేత నింపించాను. ఫలితాల అధ్యాయంలో ఈ వాక్యం దగ్గర ఆగిపోయాను:

“ప్రధాన కారణాంకాల విశ్లేషణ జరుపగా, వారిమాక్స్ భ్రమణం తరువాత 1 కన్న ఎక్కువ ఐగెన్ విలువలు (2.71, 1.98, 1.60) గల మూడు కారకాలు బయటపడినవి. ఇవి 62.9 శాతం విచలనాన్ని వివరించినవి.”

కారణాంకం అనాలా, కారకం అనాలా? ఐగెన్‌కు తెలుగు మాట ఉందా? లెక్క సంగతి కాదు, భాష వరకే అడుగుతున్నాను.

శాస్త్రి: అమ్మాయీ, కారకాలు ఆరు గదా. కర్త, కర్మ, కరణం, సంప్రదానం, అపాదానం, అధికరణం. మూడే బయటపడితే మిగతా మూడూ ఏమైనట్టు? పంతుళ్ళు విభక్తులు సరిగ్గా వాడటం లేదని తేలిందా?

మాధవి: శాస్త్రిగారూ, ఇది వ్యాకరణంలో కారకం కాదండీ. జవాబుల వెనక కలిసి నడిచే గుంపులను పట్టుకునే గణాంక పద్ధతి.

శాస్త్రి: అలాగా. నేను తప్పు పేటలోకి వచ్చినట్టున్నాను. సరే, కూర్చుని వింటాను.

కిరణ్: కారణాంకం అయితే తప్పు. అది 12కి 3 కారణాంకం అన్నప్పుడు వాడే మాట. ఇక్కడ కారకం సరిపోతుంది. ఐగెన్ జర్మన్ మాట, ‘తనదైన’ అని అర్థం. డిగ్రీ లెక్కల్లో మాకు లాక్షణిక మూలం అని చెప్పేవారు కానీ, ఇప్పుడు ఐగెన్ విలువ అంటేనే అందరికీ తెలుస్తుంది. విచలనం బదులు విస్తృతి అనండి. ప్రామాణిక విచలనం వేరు, దాని వర్గం వేరు. మిగతా వాక్యం బాగుంది.

సునంద: విస్తృతి విషయంలో కిరణ్ మాట నిజం. మిగతా వాక్యం మాత్రం బాగాలేదు, మాధవీ. తప్పు భాషలోనే ఉంది, అందుకే ఇక్కడే చెప్తాను. ‘బయటపడినవి’ అనే క్రియ చూడండి. తవ్వకాల్లో విగ్రహం బయటపడినట్టు, మూడు అనేవి ముందునుంచీ నేలలో ఉన్నాయి, మీరు మట్టి తీశారంతే, అన్నట్టుంది. ఈ పద్ధతిలో పది వాక్యాలిస్తే మామూలుగా పది ఘటకాలు, అంటే మీరు కారకాలన్నవి, పదీ వస్తాయి. మూడింటిని ఉంచి ఏడింటిని వదిలేసింది మీరు. లేదా మీ సాఫ్ట్‌వేర్ ఎవరో ముందే గీసిపెట్టిన గీతను బట్టి వదిలేసింది, మీరు ఊరుకున్నారు. కర్త ఉన్న పనికి కర్త లేని క్రియ వాడితే, ఎందుకు మూడే అని అడిగే చోటే లేకుండా పోతుంది.

రెండోది, వరస. ‘భ్రమణం తరువాత 1 కన్న ఎక్కువ’ అన్నారు. భ్రమణం అంటే ఏ వాక్యం ఏ గుంపుదో తేటగా కనబడేట్టు ఉంచినవాటిని తిప్పడం, ఎన్ని ఉంచాలో తేల్చేది దానికి ముందు. మీ పట్టికలో Initial Eigenvalues అనే నిలువు వరసలో ఏముందో ఇక్కడ పెట్టండి.

మాధవి: పెడుతున్నానండీ. 3.62, 1.58, 1.09, 0.84, 0.71, 0.62, 0.51, 0.43, 0.34, 0.26. నేను రాసిన 2.71, 1.98, 1.60 Rotation Sums of Squared Loadings కింద ఉన్నవి. అవీ ఐగెన్ విలువలే అనుకున్నాను.

కిరణ్: అయినా మూడూ 1 దాటాయిగా! ప్రతి వాక్యం బరువు 1. ఒక వాక్యమంత బరువైనా మొయ్యని ఘటకం దండగ, అందుకే 1 దగ్గర గీత. పైగా తిప్పాక మూడోది 1.60 అయింది, అంటే గట్టిదే.

సునంద: గీత 1 దగ్గరే ఎందుకో నువ్వు చెప్పింది సరిగ్గా ఉంది. తర్వాతిదే చిక్కు. మూడు బిందెల్లో హెచ్చుతగ్గులుగా నీళ్ళున్నాయి. వాటిని సర్దిపోస్తే తక్కువున్న బిందె నిండుగా కనిపిస్తుంది, కానీ ఒక్క చుక్కా పెరగదు. 3.62, 1.58, 1.09 కలిపితే 6.29. 2.71, 1.98, 1.60 కలిపినా 6.29. వారిమాక్స్ చేసింది సర్దుబాటే. నాలుగో ఘటకం 0.84 కూడా కలిపి తిప్పి చూడండి, అదీ 1 దాటవచ్చు. కాబట్టి తిప్పాక వచ్చిన అంకె చూపించి ‘ఇది గట్టిది, ఉంచాను’ అనడం వెనకనుంచి ముందుకు నడవడం. అది ఐగెన్ విలువ కూడా కాదు, తిప్పిన తర్వాతి భారాల, అంటే ఒక్కో వాక్యానికి ఆ ఘటకంతో ఉన్న సంబంధాల, వర్గాల మొత్తం.

ఇక 1 అనే గీత. ఆ పది అంకెలూ కూడండి, సరిగ్గా 10 వస్తుంది. అంటే సగటు ఎప్పుడూ 1. సగటు 1 అయినప్పుడు కొన్ని 1 కన్నా ఎక్కువ, కొన్ని తక్కువ ఉండక తప్పదు. 212 మందీ కళ్ళు మూసుకుని టిక్కులు పెట్టినా మొదటి నాలుగైదు 1 దాటుతాయి. అందుకే హార్న్ 1965లో ఒక ఉపాయం చెప్పాడు: ఇంతే మంది, ఇన్నే వాక్యాలు ఉండే ఉత్తుత్తి అంకెలు చాలాసార్లు పుట్టించి, వాటి ఐగెన్ విలువలు ఎంత వస్తాయో చూసి, మనవి వాటిని మించితేనే ఉంచాలి. R ఉంటే ఇది నడపండి, d మీ పది నిలువు వరసల పట్టిక:

```r
library(psych)
p <- fa.parallel(d, fa = "pc")
p$pc.values
p$pc.sim
```

యాదగిరి: నడుమ దూరుతున్న, ఏమనుకోకుండ్రి. నేను ఇంటింటి సర్వేలల్ల పని చేసిన. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ఇంటి ఆస్తి సూచీ ఉంటది గద. ఫ్యాన్ ఉన్నదా, టీవీ ఉన్నదా, నేల మట్టిదా బండలదా, అన్నీ కలిపి ఇదే పద్ధతితోని చేస్తరు. అండ్ల మొదటి ఘటకం ఒక్కటే తీస్కుంటరు, తిప్పుడే లేదు. మరి ఆమె మూడు ఎందుకు తీస్కోవాలె, ఎందుకు తిప్పాలె? ఒక్కటి చాలదా?

సునంద: యాదగిరిగారూ, మీ పని వేరు. ఇళ్ళను పేద నుంచి ధనిక వరకు ఒకే వరసలో నిలబెట్టడానికి ఒక్క అంకె కావాలి, దానికి మొదటి ఘటకం చాలు. ఒక్కటే ఉన్నప్పుడు దేని చుట్టూ తిప్పుతాం? మాధవి వెతికేది, చదవడంలో ఎన్ని రకాలున్నాయని. కానీ మీ ప్రశ్న నాకు పనికొచ్చింది. మీ సూచీలో ఆస్తులు కలిపి ఒక అంకె తయారుచేశారు, అంటే అది పిండికలిపిన ముద్ద. దాన్ని కారకం అనకూడదు, ఘటకం అనాలి. కారకం అంటే కారణమయ్యేది. మనసులో ఉన్న ఇష్టం వల్ల ఈ జవాబులు పుట్టాయి అన్నప్పుడే ఆ మాట. మాధవి వాడింది ప్రధాన ఘటకాల విశ్లేషణ. పై వాక్యంలో మొదట ఒక పద్ధతి పేరు, చివర ఇంకో పద్ధతి మాట ఉన్నాయి.

కిరణ్: ఆ తేడా ఎవరు పాటిస్తారండీ? SPSSలో Factor Analysis అన్న మెనూలోకి వెళ్తే మొదట ఎంచిపెట్టి ఉండేదే Principal components. ఇంగ్లీషులో రాసేవాళ్ళూ రెండూ కలిపేస్తారు.

సునంద: కలిపేస్తారు, నిజమే. ఆ మెనూ చాలామందిని ముంచింది.

మాధవి: నడిపాను. ఉత్తుత్తి అంకెలకు మొదటి మూడూ 1.36, 1.25, 1.16 వచ్చాయి. నావి 3.62, 1.58, 1.09. మూడోది ఓడిపోయింది! కానీ మూడో గుంపులో 4, 9 వాక్యాలు రెండే ఉన్నా, రెండూ గట్టిగా అతుక్కున్నాయి. దానికి ‘విముఖత’ అని పేరు కూడా పెట్టేశాను.

శాస్త్రి: ఆ రెండు వాక్యాలూ ఏమిటమ్మా?

మాధవి: 4: “పుస్తకం చదవకపోతే నాకేమీ వెలితిగా ఉండదు.” 9: “సెలవుల్లో పుస్తకం ముట్టుకోను.” రెండూ ఐదు మెట్లే, ‘పూర్తిగా అంగీకరిస్తాను’ నుంచి ‘అస్సలు అంగీకరించను’ వరకు.

శాస్త్రి: మిగతా ఎనిమిదిలో ‘ను, దు’ అనే వ్యతిరేక క్రియలున్నాయా?

మాధవి: లేవండీ. ఈ రెండే.

శాస్త్రి: మరి అవి కలిసిపోక ఏం చేస్తాయి? నాలుగో వాక్యంలో ‘చదవకపోతే’ ఒక వ్యతిరేకం, ‘ఉండదు’ ఇంకొకటి. పుస్తకం ప్రాణంగా చూసే పంతులు దీనికి ‘అంగీకరించను’ అనాలి, అంటే మూడో వ్యతిరేకం. ఆదివారం మధ్యాహ్నం కాగితం నింపుతున్నవాడు ఎక్కడో జారతాడు. కొందరు సరిగ్గా చదివారు, కొందరు ‘ఆ, చదువుతానుగా’ అని అంగీకరిస్తానని కొట్టేశారు. నీకు దొరికింది విముఖత కాదేమో, వ్యతిరేకార్థక క్రియ.

సునంద: శాస్త్రిగారూ, ఇంతసేపూ నేను చెప్పాల్సింది మీరు చెప్పారు. తిరగేసి అడిగిన ప్రశ్నలు అర్థంతో పని లేకుండా ఒక గుంపు కట్టడం ఈ రంగంలో పాత జబ్బే.

కిరణ్: అయితే ఆ రెంటికీ మార్కులు తిరగేసి, 5ని 1 చేసి, మళ్ళీ నడిపితే సరి. మూడోది మాయమవుతుంది.

సునంద: అవదు. ఒక వాక్యం మార్కులు తిరగేస్తే దాని భారానికి గుర్తు మారుతుంది, మైనస్ ప్లస్ అవుతుంది. ఐగెన్ విలువల్లో చుక్క తేడా రాదు. చేసి చూడండి.

మాధవి: చేశాను. అవే పది అంకెలు. కానీ ఇంకో బాధ. రెండే ఉంచితే 52 శాతమే. 60 దాటాలని మా గైడుగారి పట్టు.

సునంద: ఏడు ఉంచండి, 89.7 వస్తుంది. ఎక్కువ ఉంచితే శాతం పెరగడం ఖాయం, కాబట్టి ఎన్ని ఉంచాలో శాతం ఒక్కటే చెప్పలేదు. గైడుగారికి పోటీ పెట్టకుండా మూడు ఘటకాల ఫలితం కూడా అనుబంధంలో పెట్టండి, చదివేవాళ్ళు పోల్చుకుంటారు. ఇంకొక్క మాట: ఉంచిన రెండూ ఏమిటి?

మాధవి: ఒకటి సరదాకి చదవడం, ఒకటి పాఠం చెప్పడానికి పనికొస్తుందని చదవడం.

సునంద: సరదాకి చదివే పంతులు పనికోసమూ కాస్త ఎక్కువే చదువుతాడు కదా. వారిమాక్స్ ఆ రెంటినీ ఒకదానికొకటి లంబంగా, సంబంధమే లేనట్టు నిలబెడుతుంది. వాలుగా నిలబడనిచ్చే ఆబ్లిమిన్ వాడి, రెంటి మధ్య సహసంబంధం ఎంతో రాయండి. అప్పుడు తిప్పిన తర్వాత ఒక్కొక్కదాని శాతం రాసి కూడకూడదు, రెండూ కొంత ఒకదాన్నొకటి పంచుకుంటాయి.

కిరణ్: సహసంబంధం దాదాపు సున్నా వస్తే వారిమాక్సే చాలు కదా?

సునంద: చాలు. కానీ సున్నా అని చూసి చెప్పాలి.

మాధవి: తిరగరాశాను. చూడండి:

“10 వాక్యాల సహసంబంధాలపై ప్రధాన ఘటకాల విశ్లేషణ చేశాను. మొదటి మూడు ఐగెన్ విలువలు 3.62, 1.58, 1.09. సమాంతర విశ్లేషణలో యాదృచ్ఛిక దత్తాంశానికి వచ్చిన సగటులు 1.36, 1.25, 1.16. మూడోది తన సగటును అందుకోలేదు కనుక రెండు ఘటకాలను ఉంచాను. ఈ రెండూ కలిసి 52.0 శాతం విస్తృతికి లెక్క చెబుతాయి. తరువాత వీటిని ఆబ్లిమిన్ పద్ధతిలో తిప్పాను.”

శాస్త్రి: ‘ఉంచాను’ కాస్త వంటింటి మాటలా ఉంది. ‘నిలుపుకొన్నాను’ అంటే?

యాదగిరి: ఉంచిన అంటెనే మంచిగుంది సార్.

కిరణ్: నేనైతే ఇప్పటికీ కారకం అనే రాస్తా. ఘటకం అంటే మా రివ్యూ చేసేవాళ్ళు రసాయన శాస్త్రం అనుకుంటారు.

మాధవి: సహసంబంధం 0.38 వచ్చింది సునందగారూ, ఆబ్లిమినే ఉంచుతున్నాను. శాస్త్రిగారూ, 4, 9 వాక్యాలను వ్యతిరేకం లేకుండా మార్చి ఇంకో 50 మందికి ఇద్దామనుకుంటున్నాను. ‘వెలితిగా ఉండదు’కి ‘ను, దు’ లేకుండా ఏం రాయొచ్చు?

శాస్త్రి: “పుస్తకం లేకున్నా నాకు హాయిగానే ఉంటుంది.” అయ్యో, ‘లేకున్నా’ వచ్చిపడింది. ఆగు, ఆలోచిస్తాను.