తీసుకోలేదా, తీసుకోలేమా, తీసుకోలేకపోయామా?

అచ్చుతప్పు: చాలా ఏళ్ల కిందట ఒక ఉద్యోగానికి చివరి ముగ్గురి దాకా వెళ్లి ఆగిపోయాను. రాలేదని చెబుతూ మెయిల్ పంపారు. బాధేసింది కానీ చిన్నబుచ్చినట్టు మాత్రం అనిపించలేదు. ఆ మెయిల్ పాత ఐడీతోపాటే పోయింది. ‘ఈ ఉద్యోగానికి మిమ్మల్ని తీసుకోలే...’ వరకే గుర్తుంది. ఆ తర్వాత ‘దు’నా, ‘ము’నా, ‘కపోయాం’ అనా? ఇప్పుడు అలాంటి మెయిల్ నేనే రాయాలి. అనువాదాల సంపాదకుల పోస్టు, ముగ్గురు మిగిలారు, ఒకరు ఖాయమయ్యారు. రెండో స్థానంలో నిలిచిన ఆవిడకు ఏం రాయాలో తోచక ఆ పాత వాక్యం తవ్వుతున్నాను.

గోరువెచ్చన: అయ్యో, బాధపడకండి. ఇంతకంటే మంచి ఉద్యోగం వస్తుంది మీకు.

అచ్చుతప్పు: నాకు కాదండీ, నేను రాయాల్సింది.

అరసున్న: మూడూ మూడు దారులు. ‘తీసుకోలేదు’ అంటే జరిగిపోయిన ఒక నిర్ణయం. రేపటి సంగతి అందులో లేదు. ‘తీసుకోలేం’ అంటే చేతకాదని, అది రేపటికీ వర్తిస్తుంది, తలుపు మూసేసినట్టే. ‘తీసుకోలేకపోయాం’ అంటే చేయాలనుకున్నాం కానీ కుదరలేదని. మీకు గుర్తున్న మెయిల్ మర్యాదగా ఉందంటే అది మూడోదే.

గుణింతం: మాస్టారూ, ‘లేదు’ అంత అమాయకమైనదేం కాదు. ‘ఆమె రాయలేదు’ అంటే రాయడం జరగలేదనా, ఆమెకు రాయడం రాదనా? సందర్భం లేకపోతే మీరూ చెప్పలేరు.

అరసున్న: ఆ పేచీ ‘ఆమె’తోనే, ‘అది’తోనే వస్తుంది. ‘మేం తీసుకోలేదు’లో రాదు. అక్కడ చేతకానితనం చెప్పాలంటే ‘లేం’ కావాలి.

పదేళ్ల హెచ్చార్: నేను రాసినవి వందల్లో ఉంటాయి. ‘లేకపోయాం’ నేను మానేశాను. అది చదవగానే ‘ఎందుకు లేకపోయారు, ఎవరు అడ్డం?’ అని తిరిగి రాస్తారు. అడ్డం ఎవరూ లేరు, మనమే ఇంకొకరిని ఎంచుకున్నాం. ‘మీరు ఎంపిక కాలేదు’ ఇంకా అన్యాయం. ఎంచుకున్నది మనం, వాక్యంలో కర్త మాత్రం ఆవిడ. తప్పిపోయిన విద్యార్థిలా నిలబెట్టినట్టు ఉంటుంది.

గుణింతం: ‘తెలియజేయుటకు చింతిస్తున్నాము’ కూడా చేర్చండి ఆ జాబితాలో. చింత తీసుకోనందుకా, తెలియజేయాల్సి వచ్చినందుకా?

పోతనాభిమాని: కాదనడం గురించి ఇంత చర్చలో బలి చక్రవర్తి రాలేదేం? ‘తిరుగన్ నేరదు నాదు జిహ్వ’. లేదు అనలేని నాలుక!

అరసున్న: లేదు అనలేకపోవడమేంటి సార్? ఆ పద్యం మొత్తం గురువు సలహాకు చెప్పిన ‘లేదు’ కదా. చివర ‘ధీవర్యా’ అని మర్యాద, మధ్యలో ఖండితంగా కాదనడం. మెయిల్‌కు అంతకంటే మంచి నమూనా లేదు.

పోతనాభిమాని: నేను ఇచ్చిన మాట తప్పడం గురించి అన్నాను. అయినా శుక్రాచార్యులే బొంకడానికి వెసులుబాటు ఇచ్చాడుగా. ‘తీసుకోలేకపోయాం’ అన్న చిన్న బొంకుకు అఘము పొందదు.

గుణింతం: పెళ్లి, ప్రాణం, మానం అంటూ ఆయన చెప్పిన చోట్లలో ఉద్యోగం మెయిల్ ఉందేమో ఒకసారి చూడండి.

వేచిచూసినవాడు: బొంకు చిన్నదేం కాదండీ. నాకు ‘ప్రస్తుతానికి మిమ్మల్ని తీసుకోవడం లేదు’ అని వచ్చింది. ఆ ‘కి’ పట్టుకుని రెండు నెలలు కూర్చున్నాను. ‘ప్రస్తుతం’ అని ఉంటే వదిలేసేవాణ్ని. ‘ప్రస్తుతానికి’ అంటే తర్వాత పిలుస్తారనే కదా? మధ్యలో వచ్చిన ఇంకో ఆఫర్‌ను సాగదీసి పోగొట్టుకున్నాను. ఫోన్ చేస్తే అది వాళ్లు అందరికీ పంపే మాటేనట.

అరసున్న: మీరు ‘కి’లో చదువుకున్నది సరైనదే. వాళ్లు రాసిందే తప్పు.

అచ్చుతప్పు: అది చదివాక నా డ్రాఫ్టులో ‘ప్రస్తుతానికి’ కొట్టేశాను. ఇదీ ఇప్పటి రూపం:

‘నమస్తే అండీ. సంపాదకుల ఉద్యోగానికి వేరొకరిని ఎంచుకున్నాం, మిమ్మల్ని తీసుకోలేదు. మీరు దిద్దిన నమూనాలో మూడో పేరా నాకు గుర్తుండిపోయింది. ఆ పొడుగాటి వాక్యాన్ని రెండుగా విడగొట్టి కూడా రచయిత గొంతు పోనివ్వలేదు. ఈ పోస్టులో మొదటి నెల నుంచే ఇద్దరు కొత్త అనువాదకులకు పని నేర్పాలి. ఆ పని ఇదివరకు చేసిన వారిని తీసుకున్నాం. జూన్‌లో ఇంకో పోస్టు కోసం అడగబోతున్నాం. అది వస్తుందని మాట ఇవ్వలేను. వస్తే మాత్రం ప్రకటన కంటే ముందే మీకు రాస్తాను, రాతపరీక్ష మళ్లీ ఉండదు. ఈలోగా మంచి అవకాశం వస్తే మా కోసం ఆపుకోకండి.’

అరసున్న: ‘మాట ఇవ్వలేను’ దగ్గర ‘లే’ సరిగ్గా కూర్చుంది. అక్కడ నిజంగానే మీ చేతిలో లేదు కాబట్టి.

పదేళ్ల హెచ్చార్: బాగుంది. రెండు సంగతులు అడుగుతాను. పని నేర్పాలన్న షరతు ప్రకటనలో ఉందా? లేకపోతే ఆవిడకు అది తర్వాత అల్లిన సాకులా కనిపిస్తుంది. రెండోది, మొదటివారు ఆఫర్ మీద సంతకం చేశారా? నోటిమాటతో సరిపెట్టుకుని ఆవిడకు ఇది పంపేశాక ఆయన వెనక్కి తగ్గితే, మళ్లీ ఆవిడ దగ్గరికే ‘రండి’ అంటూ వెళ్లాలి.

అచ్చుతప్పు: షరతు ప్రకటనలో ఉంది. సంతకం ఎల్లుండి.

పదేళ్ల హెచ్చార్: అయితే ఇవాళ ‘శుక్రవారంలోగా చెబుతాం’ అని ఒక్క ముక్క పంపండి. సంతకం అయిన రోజే ఇది పంపండి, ఆఫీసు ఐడీ నుంచి కాదు, ఇంటర్వ్యూ చేసిన మీ పేరుతో. తిరిగి రాస్తే మీకే రావాలి. మొదటి వడపోతలో పోయినవాళ్లకు అందరికీ ఒకే మెయిల్ చాలు. మీ ముందు గంటసేపు కూర్చున్న మనిషికి అది చాలదు.

వేచిచూసినవాడు: ఆమెను రెండో స్థానంలో పెట్టుకున్నామని ఇవాళే చెప్పేస్తే తప్పేంటి? నాకైతే తెలిస్తే బాగుండేది.

పదేళ్ల హెచ్చార్: కొందరు చెబుతారు. నేను చెప్పను. వాళ్లు ఆ రెండు రోజులూ ఎదుటివాళ్లు రాకూడదని కోరుకుంటూ కూర్చుంటారు.

వేచిచూసినవాడు: ఆ కూర్చోవడం ఏమీ తెలియకుండా కూర్చోవడం కంటే నయమేనండీ.

గుణింతం: ‘వేరొకరిని ఎంచుకున్నాం’ అన్నాక ‘మిమ్మల్ని తీసుకోలేదు’ ఎందుకు? ఒకటే దెబ్బ రెండుసార్లు.

పదేళ్ల హెచ్చార్: మొదటిది ఒక్కటే రాస్తే ‘ఇంకో పోస్టు కూడా ఉందా’ అని అడిగినవాళ్లున్నారు. ఉండనివ్వండి.

అచ్చుతప్పు: ఉంచుతున్నాను. నాకు వచ్చిన మెయిల్‌లో మాత్రం ‘తీసుకోలేదు’ అయ్యుండదని ఇప్పుడు అనిపిస్తోంది. దాన్ని నేను రెండు మూడుసార్లు చదువుకున్నట్టు గుర్తు.

అరసున్న: అంటే ‘లేకపోయాం’. చెప్పానుగా.

పోతనాభిమాని: ‘నేరదు’లో మాత్రం చేతకానితనం లేదండోయ్. నేర్చుకోలేదు అని. బలి నాలుకకు ఆ విద్య అలవాటు లేదు, అంతే.

అరసున్న: నేర్చుకోలేదనా, నేర్చుకోలేదనా? ముందు అది తేల్చండి.

గోరువెచ్చన: అవన్నీ సరే, చివరికి మీకు ఉద్యోగం వచ్చినట్టేనా?