ఫోటో "కాస్త బాగా చెయ్యి" అన్నారు, క్రాప్ ఎంతవరకు చేయాలి?

స్నేహితురాలు తన ఫోటో పంపి "కాస్త బాగా కనిపించేలా చెయ్యి" అంది. ఫోన్‌లో నిలువుగా తీసింది, 3024×4032 పిక్సెళ్లు. ఎందుకు కావాలో నేను అడగలేదు, తప్పు అక్కడే జరిగింది.

మొదట వెలుగు పెంచి, చర్మం నున్నగా చేశాను. "ఇది నాలా లేదు" అంది. చెంప మీద పుట్టుమచ్చ కూడా సగం చెరిగిపోయింది మరి! అదంతా తీసేసి, రంగు మాత్రం సరిచేసి, తల, భుజాలు వచ్చేలా 1100×1100కి క్రాప్ చేశాను. ఇది నచ్చింది. ప్రొఫైల్ బొమ్మకేమో అనుకున్నా.

నిన్న చెప్పింది, గోడ మీద ఫ్రేములో పెట్టడానికట, 8×10 అంగుళాలు. అదే బిగువుతో 4:5కి మారిస్తే 1100×1375 వస్తుంది, అంటే అంగుళానికి 137 పిక్సెళ్లే. ప్రింట్ తీసి చూస్తే కనురెప్పల వెంట్రుకలు కలిసిపోయి గీతలా కనిపిస్తున్నాయి. సాఫ్ట్‌వేర్‌లో రెట్టింపు చేసినా లేని వివరం రాలేదు, అంచులు మాత్రం గట్టిపడ్డాయి. వదులుగా 2400×3000 తీసుకుంటే అంగుళానికి 300 పిక్సెళ్లు సరిపోతాయి గానీ, "ముఖం చిన్నదైపోయింది" అంటోంది.

మధ్యేమార్గంగా 1600×2000 క్రాప్ ఆమెకు చూపించాను, ఒప్పుకుంది. అంటే అంగుళానికి 200. ఫ్రేమును నాలుగైదు అడుగుల దూరం నుంచి చూస్తారు. ఈ సైజులో 200తో ముఖాల ఫోటోలు ప్రింట్ చేయించినవాళ్లు చెప్పండి, అంత దూరం నుంచి కళ్లు, వెంట్రుకలు స్పష్టంగా కనిపిస్తాయా?