ఐపీ68 ఫోన్ తడిస్తే వారంటీ రాదంటే, ఆ రేటింగ్ దేనికి?

పావని: ప్రకటనలో ఫోన్‌ని నీళ్లలో ముంచి చూపిస్తారు. పెట్టె మీద ఐపీ68 అని ఉంటుంది. లోపలి వారంటీ కాగితం తీస్తే మాత్రం నీటి వల్ల పాడైతే తమకు సంబంధం లేదని ఉంది. ఇది మోసం కాదా? ఆ రేటింగ్ అసలు దేనికి హామీ?

కిరణ్ తేజ: మోసం ఏమీ లేదండీ. 6 అంటే దుమ్ము పోదు, 8 అంటే నీళ్లు పోవు, అంతే. అంకె పెద్దదైతే దాని కిందవన్నీ అందులోకే వస్తాయి. నేను నా ఫోన్‌ని కుళాయి కింద పెట్టి కడుగుతాను, రుషికొండలో సముద్రంలోకి కూడా తీసుకెళ్లాను. ఏమీ కాలేదు. ఇప్పుడు ఐపీ69 కూడా వచ్చింది, అది ఇంకా గట్టిది. వారంటీ కాగితంలో అలా రాయడం కంపెనీల జాగ్రత్త, అంతకు మించి ఏమీ లేదు.

రమాదేవి: ముందు స్విచ్ ఆఫ్ చేసి బియ్యం డబ్బాలో పెట్టమ్మా. రెండు రోజులు ముట్టుకోకు. మా అబ్బాయి ఫోన్ బకెట్లో పడితే అలాగే చేశాం, బతికింది.

పావని: అయ్యో, నా ఫోన్ తడవలేదు ఆంటీ. కొనాలా వద్దా అని చూస్తున్నాను.

శీను (టెస్టింగ్ ల్యాబ్): కిరణ్ గారూ, దుమ్ము గురించి మీరన్నది దాదాపు సరే. టాల్కమ్ పొడి ఎగిరే పెట్టెలో ఫోన్‌ని గంటల తరబడి ఉంచుతాం, లోపలికి పొడి చేరకూడదు. నీళ్ల విషయంలో మాత్రం రెండు చోట్ల తేడా ఉంది.

మొదటిది, 7కి ఉన్నట్టు 8కి లోతు ఇంత, సమయం ఇంత అని ప్రమాణంలో ఉండదు. 7 అయితే ఒక మీటరు లోతు, 30 నిమిషాలు. 8 అంటే అంతకంటే కఠినంగా ఉండాలి అని మాత్రమే. ఎంత లోతు, ఎంతసేపు అనేది తయారీదారు చెప్పుకోవాలి. అందుకే ఒక కంపెనీ ఐపీ68 అంటే ఒకటిన్నర మీటరు, ఇంకో కంపెనీ ఐపీ68 అంటే ఆరు మీటర్లు. పెట్టె మీద అంకె ఒకటే. కొనేటప్పుడు ఆ అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న లోతు చదవాలి.

రెండోది, ముంచే పరీక్షలో పాసైతే ధారగా కొట్టే పరీక్షలో కూడా పాసైనట్టు కాదు. నీళ్లకి సంబంధించిన రెండో అంకె 5, 6 అయితే పైపుతో దూరం నుంచి నీళ్లు కొట్టే పరీక్షలు. 9 అయితే 80 డిగ్రీల వేడి నీళ్లు, మహా ఒత్తిడితో, దగ్గరి నుంచి. ఇవి 7, 8 లోకి రావు. అందుకే కొన్ని ఫోన్ల మీద ఐపీ68, ఐపీ69 అని రెండూ వేస్తారు. ఒక్క 69 మాత్రమే ఉంటే మునిగినప్పుడు ఏమవుతుందో అది చెప్పదు.

అన్నిటికన్నా ముఖ్యం, ఈ పరీక్ష చేసేది కొత్త ఫోన్ మీద, మామూలు మంచినీళ్లలో, నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు. మీ చేతిలో ఉన్న ఫోన్‌ని ఎవరూ ముంచి చూడలేదు. ఆ మోడల్ నుంచి కొన్ని పీసులు ల్యాబ్‌కి వస్తాయి, అంతే.

కిరణ్ తేజ: మంచినీళ్లకి, ఉప్పు నీళ్లకి అంత తేడా ఏముంటుంది శీను గారూ? లోపలికి పోకపోతే ఏ నీళ్లయినా ఒకటే కదా.

బాబ్జీ (కాకినాడ, రిపేరు షాపు): తమ్ముడూ, లోపలికి పోకుండానే పాడవుతాయి. నా దగ్గరికి బీచ్ నుంచి వచ్చే ఫోన్లలో చాలావాటికి బోర్డు పొడిగానే ఉంటుంది. చార్జింగ్ పోర్టులోకి లైటు వేసి చూస్తే మధ్యలో ఉండే సన్న నాలుక మీద ఒకట్రెండు పిన్నులు నల్లబడి ఉంటాయి, పక్కన పచ్చగా చిలుము. పోర్టు బయటికి తెరిచే ఉంటుంది కదా, నీళ్లు అక్కడిదాకా రావాల్సిందే. సీలు దాని వెనకాల ఉంటుంది. ఉప్పు నీళ్లు పోర్టులో ఉండగానే రాత్రి చార్జింగ్‌కి పెడతారు. కరెంటు పారే పిన్నులు పొద్దుటికి తినేసి ఉంటాయి. కస్టమర్ మాత్రం "ఐపీ68 అన్నా, నీళ్లు పోయే ఛాన్సే లేదు" అంటాడు. నిజమే, పోలేదు!

శీను (టెస్టింగ్ ల్యాబ్): బాబ్జీ గారు చెప్పిందే అసలు విషయం. నీళ్లలో ముంచి తీశాక లోపలికి హాని చేసేంత నీరు చేరిందా లేదా అన్నదే రేటింగ్ చూస్తుంది. తడిసిన పోర్టుకి చార్జర్ పెడితే ఏమవుతుందో దానికి సంబంధం లేదు. రెండు పిన్నుల మధ్య ఓల్టేజి ఉండి, వాటిని కలుపుతూ ఉప్పు నీటి చుక్క ఉంటే, అదొక చిన్న ఎలక్ట్రోప్లేటింగ్ తొట్టి. పైన పూత, దాని కింద రాగి కరిగిపోతాయి. ఈత కొలను నీటిలో క్లోరిన్ ఉంటుంది, అది కూడా ఇదే పని చేస్తుంది.

కాబట్టి సముద్రంలో తడిస్తే ముందు మంచినీళ్లతో మెల్లగా కడగాలి, పోర్టు కిందికి ఉండేలా పట్టుకుని తట్టాలి, గాలి తగిలేలా కొన్ని గంటలు వదిలేయాలి. తడి ఉందని ఫోన్ హెచ్చరిక చూపిస్తే దాన్ని పక్కకి నెట్టేసి చార్జింగ్ పెట్టకండి. తప్పనిసరైతే వెనక వైపు తుడిచి వైర్‌లెస్ చార్జర్ మీద పెట్టుకోవచ్చు. బియ్యం మాత్రం వద్దు, పిండి, నలక పోర్టులోకి చేరతాయి.

రమాదేవి: మాది బాగానే ఉంది మరి.

వాసు (లాయర్): పావని గారి ప్రశ్న మోసమా కాదా అని. దీని మీద ఒక కేసు నడిచింది, సరిగ్గా బాబ్జీ గారు చెప్పిన పోర్టు మీదే. ఆస్ట్రేలియాలో వినియోగదారుల కమిషన్ 2019లో శాంసంగ్ మీద కోర్టుకెళ్లింది. గెలాక్సీ ఎస్7, ఎస్8, నోట్ 8 వంటి ఫోన్లను ఈత కొలనులో, సముద్రంలో వాడుతున్నట్టు ప్రకటనల్లో చూపించారని ఆరోపణ. 2022లో ఆ కంపెనీ తొమ్మిది ప్రకటనలు తప్పుదారి పట్టించేవేనని ఒప్పుకుంది. అలాంటి నీళ్లలో తడిసి, ఆరకముందే చార్జ్ చేస్తే పోర్టు తుప్పు పట్టే అవకాశం గట్టిగా ఉందని కూడా ఒప్పుకుంది. 1.4 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా పడింది.

ఇటలీలో 2020లో పోటీ నియంత్రణ సంస్థ యాపిల్‌కి కోటి యూరోలు వేసింది. అక్కడి వాదన పావని గారిదే. నీళ్లను తట్టుకుంటుందని గొప్పగా చెప్పి, అది ల్యాబ్ పరిస్థితుల్లోనే అని స్పష్టంగా చెప్పకపోవడం, పైగా ద్రవాల వల్ల పాడైతే వారంటీ లేదనడం, ఈ రెండూ కలిసి కొనేవాళ్లని తప్పుదారి పట్టించాయని.

గమనించండి, రెండు చోట్లా రేటింగ్ అబద్ధమని ఎవరూ అనలేదు. ప్రకటన, రేటింగ్‌ని దాటి పోయింది. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో కూడా తప్పుదారి పట్టించే ప్రకటన అనేది విడిగా ఉంది. అడగాలంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి మొదలుపెట్టవచ్చు. గెలుస్తారని మాత్రం నేను హామీ ఇవ్వను.

శీను (టెస్టింగ్ ల్యాబ్): వాసు గారూ, కంపెనీ తరఫున ఒక మాట. ఫోన్ తెచ్చిచ్చినప్పుడు అది ఒక మీటరు లోతులో పడిందా, ఆరు మీటర్ల లోతులోనా, అంతకుముందు నేల మీద పడి అంచు వంగిందా, ఎవరు చెప్పగలరు? సిమ్ ట్రే గూటిలో తెల్లటి చుక్క ఉంటుంది, నీళ్లు తగిలితే ఎర్రబడుతుంది. తడిసిందని అది చెబుతుంది, ఎలా తడిసిందో చెప్పదు.

వాసు (లాయర్): ఆ మాటే నేనూ అంటాను. చెప్పలేనప్పుడు నష్టం కొన్నవాడే ఎందుకు భరించాలి? తను చెప్పిన లోతు లోపలే తడిసినా వారంటీ లేదంటే, ఆ అంకెని అమ్మకానికి వాడుకోకూడదు.

శీను (టెస్టింగ్ ల్యాబ్): అలాగైతే రేటింగ్ వేయడమే మానేస్తారు, అప్పుడు మనకి ఆ కాస్త సమాచారం కూడా ఉండదు. దీని మీద మనిద్దరికీ కుదరదులెండి.

కిరణ్ తేజ: సరే, మంచినీళ్లే అనుకుందాం. కొత్త ఫోన్, కేవలం ఒక మీటరు లోతు. అప్పుడైనా ధైర్యంగా ఉండొచ్చా?

శీను (టెస్టింగ్ ల్యాబ్): ఫోన్ చల్లగా ఉంటే ఉండొచ్చు. ముంచే పరీక్షలో నీళ్ల వేడికీ ఫోన్ వేడికీ మధ్య తేడా 5 డిగ్రీలు మించకూడదని నియమం. ఎందుకో ఒక లెక్క చూడండి. మే నెల ఎండలో వీడియో తీస్తూ ఫోన్ 45 డిగ్రీలకి ఎక్కింది, 25 డిగ్రీల కొలనులో పడింది. లోపల గాలి చల్లారితే దాని ఒత్తిడి దాదాపు 6 శాతం తగ్గుతుంది. అంటే బయటి నుంచి అదనంగా 60 సెంటీమీటర్లకి పైగా లోతున్నట్టు నీళ్లు లోపలికి తోస్తాయి. గాలి వచ్చిపోవడానికి ఫోన్‌లో చిన్న పొర ఉంటుంది, కానీ మునిగినప్పుడు దాని ముందు నీళ్లే కదా, గాలి ఎక్కడి నుంచి వస్తుంది? పైగా మీరు దూకితే, ఈదితే ఆ తాకిడి వేరు. సబ్బు నీళ్లు ఇంకా సన్న సందుల్లోకి దూరతాయి. ఆవిరి సంగతి చెప్పనక్కర్లేదు.

పావని: బ్యాటరీ మార్పించుకుంటే సీలు పోతుందా? నేను ఫోన్ నాలుగైదేళ్లు వాడతాను. ఈ టెన్షన్ నాకు అదే.

బాబ్జీ (కాకినాడ, రిపేరు షాపు): వెనక గ్లాసు తీశామంటే పాత గమ్ పోయినట్టే అమ్మా. అంచు చుట్టూ నల్లగా సన్నటి టేపులా ఉంటుంది, వేడి చేసి తీస్తే సాగి చిరుగుతుంది. పాత గమ్మంతా గీకి, ఆ మోడల్‌కి కోసిన కొత్త గమ్ షీటు వేసి, క్లిప్పులు పెట్టి కాసేపు అదిమి ఉంచాలి. బయట చాలాచోట్ల సిరంజితో ద్రవం గమ్ పూసి ఇచ్చేస్తారు. పట్టుకుంటుంది, నీళ్లు ఆపుతుందని చెప్పలేం. నా దగ్గర కొత్త షీటు వేసినా నేను ఐపీ68 అని చెప్పను. ల్యాబ్ మెషీన్ నా దగ్గర లేదు.

శీను (టెస్టింగ్ ల్యాబ్): ఇంట్లో ఒక చిన్న పరీక్ష ఉంది. ఫోన్‌లో గాలి ఒత్తిడి సెన్సర్ ఉండాలి, అన్నిటికీ ఉండదు. `phyphox` యాప్‌లో ఒత్తిడి గ్రాఫ్ తెరిచి, స్క్రీన్ మధ్యలో వేలితో అదమండి. సీలు బాగుంటే రీడింగు ఒక్కసారి పైకి లేచి మెల్లగా దిగుతుంది, వేలు తీస్తే కిందికి పోయి మళ్లీ సర్దుకుంటుంది. అదిమినా గీత కదలకపోతే గాలి ఎక్కడి నుంచో ధారాళంగా పోతోందన్నమాట. కొత్తగా ఉన్నప్పుడే ఒక స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంటే, రిపేరు తర్వాత పోల్చుకోవచ్చు. గీత లేస్తోంది కదా అని నీళ్లలో మాత్రం ముంచకండి, మీ వేలు ఒక మీటరు నీళ్లకి సమానం కాదు.

కిరణ్ తేజ: ఇప్పుడే చూశాను. నాది లేవలేదు. సెన్సర్ లేదేమో.

బాబ్జీ (కాకినాడ, రిపేరు షాపు): యాప్‌లో అంకె కనిపిస్తోందా తమ్ముడూ? కనిపిస్తుంటే సెన్సర్ ఉన్నట్టే. కుళాయి కింద కడగడం ఇక ఆపెయ్.

పావని: అధికారిక సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ వేయిస్తే, సీలు మళ్లీ పాత స్థాయిలో ఉందని బిల్లు మీద రాసిస్తారా? ఎవరైనా రాయించుకున్నారా?

వాసు (లాయర్): అడిగి చూడండి. రాసివ్వనంటే, ఆ ఇవ్వనన్న మాటైనా మెయిల్‌లో తెప్పించుకోండి. రేపు అవసరం పడితే ఆ కాగితమే పనికొస్తుంది.