పొడి ముఖం మీద హైలురోనిక్ యాసిడ్ సీరం రాస్తే చర్మం ఇంకా బిగుసుకుపోతోంది, ఎందుకు?

సుమ, చికాగో
కాకినాడలో ఉన్నప్పుడు రోజూ హైలురోనిక్ యాసిడ్ సీరం రాసుకునేదాన్ని, ముఖం నున్నగా ఉండేది. నవంబరులో చికాగో దగ్గరికి వచ్చాం. సీరం మారలేదు, వచ్చేటప్పుడు తెచ్చుకున్న సీసానే. ఇప్పుడేమో రాసిన పావుగంటకే బుగ్గలు లాగేస్తున్నాయి. నవ్వితే నోటి పక్కన సన్నగీతలు కనిపిస్తున్నాయి. సాయంత్రానికి ముక్కు పక్కన పొట్టు లేస్తోంది. తేమ ఇవ్వాల్సిందే తేమ లాగేసుకుంటుందా?

పొద్దున ముఖం కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, బాబు లంచ్ బాక్స్ సర్దేసి, ఆ తర్వాత తీరిగ్గా సీరం రాస్తాను. పైన క్రీమ్ రాయను, జిడ్డుగా అనిపిస్తుందని. ఇంట్లో హీటర్ 70 డిగ్రీల్లో పెడతాం.

రమణి
యాసిడ్ అంటేనే రోజూ రాయకూడదమ్మా. మా అమ్మాయి గ్లైకాలిక్ యాసిడ్ రోజూ రాసి ముఖమంతా ఎర్రగా చేసుకుంది. వారానికి రెండుసార్లు చాలు. మిగతా రోజులు కొబ్బరినూనె రాసుకో.

రాజీ, విశాఖ
నేను ఏడాది పొడవునా ఇదే సీరం వాడుతున్నాను, క్రీమ్ లేకుండానే. ఏ సమస్యా లేదు. సీసా పాతదేమో చూడండి, ఎక్స్‌పైరీ అయిపోయిందేమో.

శ్రీను
క్రీములు, లోషన్లు తయారుచేసే చోట ఫార్ములేషన్ పని నాది, అందుకని కాస్త వివరంగా చెబుతాను.

రమణి గారూ, పేరులో యాసిడ్ ఉన్నా ఇది గ్లైకాలిక్ లాగా చర్మాన్ని ఒలిచే రకం కాదండీ. మన చర్మంలోనూ కీళ్లలోనూ సహజంగా ఉండే జిగురు పదార్థమే. సీసా మీద చాలాసార్లు సోడియం హైలురోనేట్ అని రాసి ఉంటుంది, అది దాని లవణం. రోజూ రాయడం వల్ల వచ్చిన ఇబ్బంది కాదిది.

సుమ గారూ, మీ సీసా వెనక పదార్థాల వరుస చూడండి. మొదట ఉండేది నీరు. ఆ తర్వాత గ్లిజరిన్ లాంటివి. హైలురోనిక్ యాసిడ్ చాలా కొద్దిగానే ఉంటుంది, ఎందుకంటే పెద్ద అణువుల రకాన్ని నూటికి ఒక వంతు కలిపినా చిక్కటి జెల్ అయిపోతుంది. అంటే మీరు ముఖానికి రాస్తున్నది దాదాపుగా నీళ్లే. పొడిగాలిలో ఆ నీళ్లు కొన్ని నిమిషాల్లో ఎగిరిపోతాయి. చర్మం మీద మిగిలేది సన్నటి పొర. గంజి పెట్టిన చీర ఆరాక బిరుసెక్కినట్టు ఆ పొర కూడా ఆరుతూ ముడుచుకుంటుంది. పావుగంటకు మీకు తెలిసే లాగుడు చాలావరకు దానిదే.

దీన్ని మీరే పరీక్షించుకోవచ్చు. బుగ్గ బిగుసుకున్నప్పుడు తడివేలితో ఒక్కచోట రుద్దండి. జారుడుగా, కాస్త బంకగా తగిలిందంటే ఆ పొర అక్కడే ఎండి కూర్చుందన్నమాట. అలా కాకుండా మంటగా ఉండి గరుగ్గా తగిలితే అసలు చర్మమే దెబ్బతిని ఉంది, అప్పుడు సీరం సంగతి తర్వాత చూడాలి.

ప్రసన్న
ఇంకో కారణం కూడా ఉంది. నేను ఫార్మసీ చదివాను. హైలురోనిక్ యాసిడ్ తన బరువుకు వెయ్యి రెట్లు నీటిని పట్టుకుంటుంది. గాలిలో తేమ 70 శాతం దాటితే గాలి నుంచి తీసుకుంటుంది. దాటకపోతే చర్మం లోపలి పొరల నుంచి లాగేసుకుంటుంది. అందుకే ముఖం ఎండుతుంది. చాలామంది చర్మ డాక్టర్లు ఇదే చెబుతారు.

శ్రీను
సగం ఒప్పుకుంటాను ప్రసన్న గారూ.

ముందు ఆ వెయ్యి రెట్ల మాట. ఒక గ్రాము పౌడర్‌ని లీటరు నీళ్లలో వేస్తే నీళ్లు చిక్కబడతాయి, నిజమే. కానీ ఆ లీటరంతా పౌడర్ గుప్పిట్లో ఉన్నట్టు కాదు. గిన్నెలో పోసి ఎండలో పెడితే మామూలు నీళ్లు ఎంత త్వరగా ఆవిరవుతాయో ఇవీ ఇంచుమించు అలాగే అవుతాయి. అణువులను నిజంగా అంటిపెట్టుకునే నీరు చాలా తక్కువ. ప్రకటనల్లో ఆ అంకె చూసి, ఇది నీళ్లకు తాళం వేసి ఉంచుతుందని జనం అనుకుంటారు. తాళం వేసేది పైన రాసే క్రీమ్.

ఇక లోపలి నుంచి లాగడం. చర్మం లోపల తడి ఎక్కువ, బయట గాలి పొడి. సీరం రాసినా రాయకపోయినా నీరు లోపలి నుంచి బయటికి పోతూనే ఉంటుంది. పై పొర దాన్ని అడ్డుకుంటుంది, అంతే. క్రీమ్ లేకుండా తేమను ఆకర్షించే పదార్థాన్ని మాత్రమే పైన పెడితే, ఆ నీరు పైకి వచ్చి గాలిలోకి పోవడానికి కాస్త దోహదం కావచ్చు. గ్లిజరిన్‌ని మరీ ఎక్కువ శాతంలో, ఏమీ కలపకుండా రాస్తే పొడిగాలిలో చికాకు పెడుతుందని మా పనిలో ఉన్నవాళ్లకు అనుభవమే. కానీ సీరంలో ఉండే ఈ కొద్దిపాటి హైలురోనిక్ యాసిడ్ లోపలి పొరలను ఎండగట్టేంత నీరు లాగుతుందంటే నేను నమ్మను. 70 శాతం దగ్గర గీత గీసినట్టు మారిపోవడం కూడా ఉండదు. తేమ తగ్గేకొద్దీ ఆ పొర కొద్దికొద్దిగా ఎండుతుంది.

ప్రసన్న
చిన్న అణువుల రకం ఉంటుంది కదా, అది లోపలికి దిగుతుంది. దాని సంగతేంటి? మీరు పెద్ద అణువుల గురించే మాట్లాడుతున్నారు.

శ్రీను
పెద్దవాటికంటే లోతుకు దిగుతుంది, కాదనను. కొందరికి దానివల్ల మంట, ఎరుపు వస్తాయి కూడా. లోపలికి దిగి నీటిని ఎటు మళ్లిస్తుందనే దాని మీద మనిద్దరికీ ఇవాళ కుదరదేమో. సుమ గారు చేయాల్సిన పని మాత్రం రెండు లెక్కల్లోనూ ఒకటే.

లక్ష్మి
మా అత్తగారికి మోకాలిలో ఇచ్చిన ఇంజెక్షన్ కూడా హైలురోనిక్ యాసిడే అన్నారు డాక్టర్. ఇదంతా చదివి టెన్షన్‌గా ఉంది. అది కూడా లోపల ఎండిపోతుందా అండీ? ఇంట్లో ఏసీ వేస్తాం.

శ్రీను
పదార్థం అదే లక్ష్మి గారూ, కానీ కీలు లోపల గాలి తగలదు కదా. అక్కడ ఆవిరైపోయే ప్రశ్నే లేదు, ఏసీకి దానికి సంబంధం లేదు. మోకాలి నొప్పి ఎలా ఉందన్నది ఆ డాక్టర్నే అడగండి.

సుమ గారూ, మీ ఊరి గాలి లెక్క చెబుతాను, రాజీ గారికి ఎందుకు బాగుందో కూడా తెలుస్తుంది. బయట మైనస్ 10 సెల్సియస్, తేమ 80 శాతం అనుకోండి. ఆ గాలే మీ ఇంట్లోకి వచ్చి 21 డిగ్రీలకు, అంటే మీ 70 ఫారెన్‌హీట్‌కు వేడెక్కితే అందులో తేమ 10 శాతం లోపు పడిపోతుంది. గాలిలో ఉన్న నీరు అంతే, కానీ వేడిగాలి ఇంకా చాలా నీటిని తీసుకోగలదు, అందుకే కనిపించిన చోటల్లా తీసుకుంటుంది. వంట, స్నానం, మన ఊపిరి కలిసి దాన్ని కొంత పెంచుతాయి. విశాఖలో సముద్రపు గాలి, అక్కడ సీరం త్వరగా ఆరనే ఆరదు. కాకినాడలోనూ అంతే. తెలంగాణలో ఏప్రిల్, మే మధ్యాహ్నాలు మాత్రం మీ చికాగో ఇంటికి దగ్గరగానే ఉంటాయి.

ఇలా చేసి చూడండి. గోరువెచ్చని నీళ్లతో ముఖం కడుక్కోండి, వేడినీళ్లు వద్దు. తువ్వాలుతో రుద్దకుండా అద్దండి, వేలితో తాకితే తడి తెలియాలి, నీరు మాత్రం కారకూడదు. వెంటనే అక్కడే, బాత్‌రూమ్‌లోనే, రెండు మూడు చుక్కల సీరం రాయండి. ఎక్కువ రాస్తే ఎక్కువ మేలు జరగదు, మందంగా ఎండి పైన క్రీమ్ రాయగానే ఉండలు ఉండలుగా రాలుతుంది. అది ఇంకా బంకగా ఉండగానే, ఒక నిమిషంలోపే క్రీమ్ రాయాలి. లంచ్ బాక్స్ ఆ తర్వాతే. క్రీమ్‌లో డైమెథికోన్, షియా బటర్, సెరమైడ్, పెట్రోలాటమ్ లాంటివి ఉండాలి. జెల్ క్రీములు ఈ చలికి చాలవు. ముక్కు పక్కన పొట్టు లేచే చోట రాత్రిపూట బియ్యపు గింజంత పెట్రోలియం జెల్లీ రాయండి, నీరు పోకుండా ఆపడంలో దాన్ని మించింది లేదు.

రమణి
కొబ్బరినూనె తప్పేంటి బాబూ? మేమంతా దానితోనే పెరిగాం.

శ్రీను
తప్పేం లేదండీ, తడి మీద రాస్తే కొంత ఆపుతుంది. పెట్రోలియం జెల్లీ అంత కాదు. మొటిమలు వచ్చే ముఖాలకు కొందరికి పడదు, అందుకే ముందే చెప్పలేదు.

కిరణ్
సీరం ఎండగానే మళ్లీ నీళ్లు స్ప్రే చేసుకుంటే సరిపోదా? ఆఫీసులో నేను అదే చేస్తాను, గంటగంటకీ.

శ్రీను
స్ప్రే చేసినప్పుడు పొర మళ్లీ మెత్తబడుతుంది కాబట్టి హాయిగా ఉంటుంది. ఆ నీరు ఎగిరిపోగానే మళ్లీ మొదటికే. పైన క్రీమ్ లేకుండా రోజంతా తడపడం, ఆరబెట్టడం పొడిచర్మానికి మంచిది కాదు.

సుమ, చికాగో
చెప్పినట్టు చేసి చూశాను. తడివేలి పరీక్షలో బుగ్గ మీద జారుడుగానే తగిలింది, ముక్కు పక్కన మాత్రం మంట. గాలిలో తేమ చూపించే చిన్న మీటర్ కొన్నాను, హాల్లో 19 చూపించింది!

తర్వాత నేనే ఒక ప్రయోగం చేశాను. కుడి బుగ్గకు తడి మీద సీరం, పైన క్రీమ్. ఎడమ బుగ్గకు తడి మీద క్రీమ్ ఒక్కటే. కొన్ని రోజులు అలాగే వదలకుండా చేశాను. లాగుడు రెండు వైపులా పోయింది. కుడివైపు పొద్దున కాస్త నిండుగా కనిపిస్తుంది, మధ్యాహ్నానికి తేడా పట్టలేకపోయాను. ముక్కు పక్కన ఇంకా పూర్తిగా తగ్గలేదు. నురుగు బాగా వచ్చే ఫేస్‌వాష్ రెండుపూటలా వాడుతున్నాను, అదేమైనా కారణమా?

శ్రీను
కావచ్చు. పొద్దున ఫేస్‌వాష్ మానేసి ఉత్త నీళ్లతో కడగండి, రాత్రికి నురుగు తక్కువ వచ్చేది వాడండి. రెటినాల్ వాడుతుంటే మంట తగ్గేదాకా అదీ ఆపండి. పగుళ్లు వచ్చి రసి కారినా, దురద ఎక్కువైనా డాక్టర్‌కు చూపించండి, అది మామూలు పొడిదనం కాకపోవచ్చు. మీ ప్రయోగం చూశాక నా సలహా, ఈ చలికాలం సీరం పక్కన పెట్టి ఆ డబ్బు క్రీమ్ మీద పెట్టండి.

ప్రసన్న
నేనైతే మానను. పొద్దున నిండుగా ఉందని ఆవిడే అంటున్నారు కదా. ఆఫీసుకు వెళ్లేవాళ్లకు ఆ మూడు నాలుగు గంటలు కూడా ముఖ్యమే.

సుమ, చికాగో
మా ఆయన హ్యూమిడిఫయర్ కొందాం అంటున్నారు. పడకగదిలో ఎంతలో పెట్టాలి?

శ్రీను
40 శాతం దగ్గర చాలు. బయట చలి మరీ ఎక్కువగా ఉన్న రోజుల్లో ఇంకా తగ్గించండి. కిటికీ అద్దాల మీద నీళ్లు కారుతున్నాయంటే ఎక్కువైనట్టే, అంచుల్లో బూజు పడుతుంది. ట్యాంకు నీళ్లు రోజూ మార్చండి, లోపల కడగండి.