పీసీఓఎస్‌లో ప్రొజెస్టిరాన్ పరీక్ష ఏ రోజున చేయించుకోవాలి?

నా వయసు 27, ఉండేది గుంటూరు. నెలసరి 45 నుంచి 70 రోజులకు ఒకసారి వస్తోంది. దవడ వెంట మొటిమలు, గడ్డం కింద ముదురు వెంట్రుకలు ఉన్నాయి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ మామూలుగానే ఉన్నా టెస్టోస్టిరాన్ కొంత ఎక్కువగా ఉంది. స్కానింగులో రెండు అండాశయాల అంచునా చిన్న చిన్న ఫాలికిల్స్ కనిపించాయి గాని, ఒక్కటీ పెరిగి పక్వానికి రాలేదు.

డాక్టరు గారు రాసిన ప్రొజెస్టిరాన్ మాత్రలు 10 రోజులు వాడి ఆపాక రక్తస్రావం అయింది. అయితే అది మాత్రలు ఆపినందువల్ల వచ్చినదే తప్ప అండం విడుదలైనదనడానికి రుజువు కాదని ఆవిడే చెప్పారు. మందుల షాపులో కొన్న ఓవ్యులేషన్ కిట్‌లో రెండో గీత రోజుల తరబడి ముదురుగానే కనిపించింది. పీసీఓఎస్‌లో ఆ కిట్ గుర్తించే ఎల్‌హెచ్ హార్మోన్ మామూలుగానే ఎక్కువగా ఉండవచ్చు కనుక ఆ గీతను నమ్మలేకపోతున్నాను. 21వ రోజున చేయించిన ప్రొజెస్టిరాన్ 0.6 నానోగ్రాములు వచ్చింది. కాని ఆ 21వ రోజు లెక్క 28 రోజులకు నెలసరి వచ్చేవారిది. నాకు అండం విడుదలైనా అంతకు ఎంతో ఆలస్యంగా జరుగుతుంది కదా.

నాలాగా నెలసరి ఎప్పుడొస్తుందో తెలియనివారు అండం విడుదలను నిర్ధారించుకోవడానికి ఈ పరీక్షను ఏ రోజున మొదలుపెట్టి, ఎన్ని రోజులకొకసారి మళ్లీ చేయించుకోవాలి?