ఇండియా ఫ్లాట్ అద్దె, అమెరికా రిటర్న్: డిప్రీసియేషన్ తీసుకోవాలా, వదిలేయాలా?

ఫ్రిస్కో శైలు: మేం టెక్సాస్‌లో ఉంటాం, ఇద్దరం ఉద్యోగాలే, ఆదాయం లక్షన్నర డాలర్లు దాటుతుంది. నిజాంపేట్‌లో 84 లక్షలకి కొన్న ఫ్లాట్ 2020 నుంచి అద్దెకి ఉంది. అద్దె ఇక్కడి రిటర్న్‌లో చూపిస్తున్నాం కానీ మా పాత ట్యాక్స్ ఆయన డిప్రీసియేషన్, అంటే బిల్డింగ్ తరుగు కింద ఏటా వచ్చే తగ్గింపు, ఎప్పుడూ వేయలేదు. ఇప్పుడు మొదలుపెట్టాలా, అలాగే వదిలేస్తే నష్టమా? ఫ్రెండ్ ఒకావిడ ఇండియాలో ఇచ్చే 30% ఇక్కడ కూడా వేసుకోమంటోంది.

బే ఏరియా బావ: వదిలేయండి. నేను మా మియాపూర్ ఫ్లాట్‌కి అదే చేశాను. ఈరోజు డిప్రీసియేషన్ తీసుకుంటే రేపు అమ్మినప్పుడు అదంతా 25% రేటుతో వెనక్కి లాక్కుంటారు. పైగా మీ ఆదాయానికి ఆ నష్టం జీతంలో తగ్గదు, ఊరికే పక్కన పడుంటుంది. తీసుకోకపోతే అమ్మేటప్పుడు ఆ గోలే ఉండదు.

పన్నుల పంతులు: బావగారూ, ఆ నష్టం జీతంలో తగ్గదన్న మాట నిజం. తీసుకోకపోతే అమ్మేటప్పుడు గోల ఉండదన్న మాట మాత్రం చాలామందిని ముంచింది. అమ్మేటప్పుడు ఇక్కడి పన్ను శాఖ ఐఆర్ఎస్ మీరు తీసుకున్న డిప్రీసియేషన్ ఒక్కటే చూడదు, తీసుకోవడానికి అర్హత ఉన్నదంతా తీసుకున్నట్టే లెక్కేసి కొన్న ధరలోంచి తీసేస్తుంది. అంటే మీరు వదిలేసినా ఆ 25% వరకు పడే పన్ను అలాగే పడుతుంది, ఏటా రావాల్సిన తగ్గింపు మాత్రం రాదు. నేను ఇక్కడ పన్ను రిటర్న్‌లు చూసే ఎన్రోల్డ్ ఏజెంట్‌గా పనిచేస్తున్నాను, ప్రతి సీజన్‌లో ఇలాంటి కేసు ఒకటైనా వస్తుంది.

శైలు గారూ, ఆ 30% ఇండియాది, దాన్ని అక్కడే ఉంచండి. ఇండియా మీ ఖర్చుల జోలికే రాదు, బిల్లులు అడగదు, మున్సిపల్ ట్యాక్స్ తీసేశాక మిగిలినదాంట్లో 30% ఇచ్చి ఊరుకుంటుంది. డిప్రీసియేషన్ అనే మాటే ఉండదు. అమెరికా పద్ధతి పూర్తిగా వేరు, నిజంగా పెట్టిన ఖర్చే వేసుకోవాలి, అందులో సొసైటీ మెయింటెనెన్స్, రిపేర్లు, లోన్ వడ్డీ, ఆస్తి పన్ను, వాటితో పాటు డిప్రీసియేషన్. మీ అద్దె, లోన్ వడ్డీ, మెయింటెనెన్స్ చెబితే లెక్క వేసి చూపిస్తా.

ఫ్రిస్కో శైలు: అద్దె నెలకి 28,000. మెయింటెనెన్స్ 3,500 మేమే కడతాం. ఆస్తి పన్ను ఏడాదికి 8,400. లోన్ వడ్డీ పోయినేడాది 1,68,000 అయింది, ఈఎంఐ ఇంకా ఎక్కువే అనుకోండి. కొన్నప్పుడు డాలర్ 70 దగ్గర ఉంది.

బెజవాడ బుల్లోడు: మాకు కూడా ఇదే డౌట్ అండీ. పటమటలో పైన రెండు వాటాలు అద్దెకిచ్చాం. పోయినేడాది రంగులు వేయించడానికి, బోరు మోటారు మార్చడానికి 1,80,000 అయింది. మా ఆడిటర్ గారు ఇంతకుముందు అద్దెని వ్యాపార ఆదాయంగా చూపించి బిల్డింగ్ మీద 5% తరుగు, ఈ ఖర్చులు అన్నీ వేసేవారు. ఈసారి కుదరదంటున్నారు. ఎందుకు?

పన్నుల పంతులు: బుల్లోడు గారూ, మీది పూర్తిగా ఇండియా కేసు, ఇక్కడి చర్చ అమెరికా రిటర్న్ గురించి. ఒక్క మాట చెప్తాను. 2024 ఫైనాన్స్ చట్టంలో ఆ తలుపు మూసేశారు, నివాస గృహాన్ని ఓనరు అద్దెకిస్తే ఆ ఆదాయం ఇంటి ఆస్తి కిందే చూపాలి, వ్యాపారం కింద కాదు. 2025-26 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి అది వర్తిస్తుంది. మీ ఆడిటర్ గారు సరిగ్గానే చెప్తున్నారు. రంగుల ఖర్చు ఎంతైనా 30%లోనే అయిపోయింది. లోన్ ఉంటే దాని వడ్డీ మాత్రం విడిగా తీసుకోవచ్చు, అద్దెకిచ్చిన ఇంటికి దానికి పరిమితి లేదు.

ఇక శైలు గారి లెక్క. కొన్న ధర ఆరోజు డాలర్ రేటుతోనే మార్చాలి, ఈరోజు రేటుతో కాదు. 84 లక్షలు, 70తో 1,20,000 డాలర్లు. ఇందులో స్థలానికి డిప్రీసియేషన్ రాదు. స్థలం పావు వంతు అనుకుందాం, బిల్డింగ్ 90,000. అమెరికాలోని ఇంటికైతే 27.5 ఏళ్లు, బయటి దేశపు ఇంటికి అలా కాదు. 2018 నుంచి అద్దెకిచ్చినవాటికి 30 ఏళ్లు, అంతకు ముందువాటికి 40. మీది 30, ఏడాదికి 3,000 డాలర్లు. మీ సాఫ్ట్‌వేర్‌లో 3,273 అని కనిపిస్తే అది 27.5 ఏళ్లు పట్టుకుందన్నమాట, విదేశీ ఆస్తి అని టిక్ పెట్టలేదు.

ఈ ఏడాది ఆదాయం, ఖర్చులు సగటు రేటు 84 అనుకుని మార్చితే అద్దె 4,000, మెయింటెనెన్స్ 500, ఆస్తి పన్ను 100, వడ్డీ 2,000. మిగిలింది 1,400. డిప్రీసియేషన్ లేకపోతే దీని మీద మీ రేటు 22% అనుకుంటే 308 డాలర్లు ఏటా కడుతున్నారు. వేస్తే 1,600 నష్టం. ఆ నష్టం జీతం మీద తగ్గదు, లక్షన్నర దాటాక ఆ సౌకర్యం మొత్తం పోతుంది. కానీ పాడవదు, ముందుకు సాగుతుంది, అద్దె పెరిగి వడ్డీ తగ్గిన ఏడాదిలో వాడుకోవచ్చు, ఇల్లు బయటివాళ్లకి అమ్మిన ఏడాది మిగిలిందంతా ఒకేసారి విడుదలవుతుంది.

ఒక జాగ్రత్త. మీరు ఈఎంఐ అన్నారు కదా, అందులో అసలు కింద కట్టే భాగం ఖర్చు కాదు, వడ్డీ ఒక్కటే ఖర్చు. బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్ ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఉంటుంది, ఇక్కడికి జనవరి నుంచి డిసెంబర్ కావాలి. లోన్ స్టేట్‌మెంట్ నుంచి నెలలవారీగా కూడాలి.

బే ఏరియా బావ: సరే, వదిలేసినా పన్ను పడుతుందన్నారు, ఒప్పుకుంటా. అయితే పాతవి? ఐదేళ్ల డిప్రీసియేషన్ పోయినట్టేగా. మూడేళ్ల కంటే పాత రిటర్న్‌లు సవరించలేం కదా.

పన్నుల పంతులు: పోలేదు. వరసగా రెండేళ్లు అంతకంటే ఎక్కువ వదిలేస్తే అది లెక్కల పద్ధతి తప్పు కిందకి వస్తుంది, పాత రిటర్న్‌లు ముట్టుకోనక్కర్లేదు. ఈ ఏడాది రిటర్న్‌తో ఫారం 3115 వేస్తే, పోగైనదంతా (మీకు సుమారు 15,000) ఒకేసారి ఈ ఏడాదిలో తగ్గింపుగా వస్తుంది. ఫీజు లేదు. కాపీ ఒకటి రిటర్న్‌తో, ఇంకొకటి విడిగా ఐఆర్ఎస్‌కి పంపాలి. ఒకే ఏడాది వదిలేసినవాళ్లకి ఇది కాదు, వాళ్లు రిటర్న్ సవరించుకోవాలి. ఈ ఫారం ఎవరైనా సొంతంగా నింపబోతే తలనొప్పే, తెలిసిన మనిషికి ఒకసారి డబ్బిచ్చి చేయించుకోవడం మేలు.

న్యూజెర్సీ అక్క: ఇదంతా బాగానే ఉంది, ఇండియా వైపు టీడీఎస్ సంగతి ఎవరూ మాట్లాడరే? ఎన్నారైకి అద్దె ఇచ్చేవాడు 31.2% పట్టుకుని కట్టాలి. దానికి వాడు టాన్ నంబర్ తీసుకోవాలి. మా వాడికి చెప్తే "అక్కా నాకెందుకీ గోల, వేరే ఇల్లు చూసుకుంటా" అన్నాడు. చివరికి ఒక కంపెనీ గెస్ట్ హౌస్‌కి ఇచ్చాం, వాళ్లైతే పట్టుకుంటున్నారు. పట్టుకున్నదంతా ఇక్కడ ఫారం 1116లో విదేశీ పన్నుగా చూపించి ఎంత కుదిరితే అంత తగ్గించుకుంటున్నాను. ఇండియాలో రిటర్న్ వేయడం మానేశాను.

పన్నుల పంతులు: అక్కా, అది ప్రమాదం. రిటర్న్ వేస్తే తిరిగొచ్చే డబ్బుని అమెరికా పన్నుగా ఒప్పుకోదు, కట్టాల్సిన అవసరం లేకుండా కట్టినట్టు చూస్తుంది. శైలు గారి లెక్కే తీసుకుందాం. 3,36,000లో ఆస్తి పన్ను తీసేస్తే 3,27,600. అందులో 30% అంటే 98,280 పోతే 2,29,320. వడ్డీ 1,68,000 పోతే మిగిలేది 61,320. ఇండియాలో వేరే ఆదాయం లేకపోతే అది కనీస పరిమితిలోపే, పన్ను సున్నా. నెలకి 8,736 చొప్పున పట్టుకుంటే ఏడాదికి 1,04,832, మొత్తం రీఫండ్. కాబట్టి ఆ ఏడాది ఇండియా పన్ను సున్నా, 1116లో చూపించడానికి ఏమీ లేదు.

న్యూజెర్సీ అక్క: మా అద్దె దీనికి మూడు రెట్లు, లోన్ లేదు. మాకు పన్ను పడుతుంది.

పన్నుల పంతులు: అయితే పడినంత వరకే చూపించండి, పట్టుకున్నంత కాదు. రిటర్న్ వేస్తేనే పడిందెంతో తెలుస్తుంది.

లెక్కల మాస్టారు: పంతులు గారూ, అన్నీ బాగానే చెప్పారు కానీ స్థలం పావు వంతు అని ఎలా అనుకున్నారు? లెక్కంతా దాని మీదే నిలబడింది. ఇక్కడ అమెరికాలో కౌంటీ వాళ్లు స్థలం ఎంత, ఇల్లు ఎంత అని చీటీలోనే విడదీసి ఇస్తారు. నిజాంపేట్‌లో ఎవరిస్తారు? శైలు గారూ, మీ సేల్ డీడ్ చివర షెడ్యూల్‌లో స్థలంలో మీ విడదీయరాని వాటా ఎన్ని గజాలో ఉంటుంది, చూసి చెప్పండి.

ఫ్రిస్కో శైలు: 42 గజాలు అని ఉంది.

లెక్కల మాస్టారు: ఉదాహరణకి రిజిస్ట్రేషన్ శాఖ విలువ గజం 50,000 అనుకుంటే 21 లక్షలు, అదే పావు వంతు. కానీ ఆ చుట్టుపక్కల బయట ఎవరూ ఆ ధరకి గజం ఇవ్వరు. నిజమైన రేటు లక్ష అనుకుంటే 42 లక్షలు, సగం. అప్పుడు బిల్డింగ్ 60,000, డిప్రీసియేషన్ ఏటా 2,000. వెయ్యి డాలర్ల తేడా. రూల్ చెప్పేది కొన్న రోజు నిజమైన మార్కెట్ విలువల నిష్పత్తి అని, ప్రభుత్వ విలువ అని కాదు.

పన్నుల పంతులు: మాస్టారూ, రూల్ మీరు చెప్పిందే. కానీ విడిగా 42 గజాల స్థలం కొనేవాడెవరు? ఫ్లాట్‌లో వాటాని ఖాళీ ప్లాట్ రేటుకి లెక్కకట్టడం కూడా సరి కాదని నా వాదన, అది అమ్ముకునే స్థలం కాదు, దాని మీద ఎనిమిది అంతస్తులు నిలబడి ఉన్నాయి. నేను ప్రభుత్వ విలువ తీసుకుని, ఆ రోజు ప్రింటవుట్ ఫైల్‌లో పెడతాను. వాల్యుయర్ రిపోర్ట్ ఉంటే ఇంకా గట్టిది.

లెక్కల మాస్టారు: ఆడిట్‌లో అడిగితే ప్రభుత్వ విలువ మీకు ఎక్కువ డిప్రీసియేషన్ ఇచ్చేదే ఎందుకు ఎంచుకున్నారు అంటారు. నేనైతే మధ్యలో పెడతాను.

పన్నుల పంతులు: మధ్యలో పెట్టడానికి ఆధారం ఏదీ? "మధ్య" అనేది విలువ కాదు కదా.

బే ఏరియా బావ: నాది 2016లో అద్దెకిచ్చాం, అంటే 40 ఏళ్లు అన్నమాట. అయినా నాకు ఇంకా అనుమానమే. శైలు గారి లెక్కే చూస్తే పదేళ్లకి 30,000 డిప్రీసియేషన్, 25% అంటే 7,500 ఒకేసారి. మొత్తం మీద గెలిచిందెవరు?

పన్నుల పంతులు: అది గరిష్ఠం, పైగా లాభం ఉంటేనే. శైలు గారి ఫ్లాట్ 1.2 కోట్లకి అమ్ముడుపోయి, అప్పటికి డాలర్ 100 అయిందనుకోండి. చేతికొచ్చేది 1,20,000 డాలర్లు. రూపాయల్లో 36 లక్షల లాభం, ఇండియాలో ఎన్నారైకి 12.5% పన్ను మీద సెస్సుతో కలిపి 4,68,000. డాలర్లలో చూస్తే కొన్న ధరే, కానీ డిప్రీసియేషన్ తీసేశాక 90,000 కాబట్టి 30,000 లాభం, గరిష్ఠ పన్ను 7,500. ఇండియాలో కట్టిన 4,680 డాలర్లు అందులో తగ్గించుకునే వీలుంటుంది, అప్పటిదాకా వాడకుండా మిగిలిన నష్టాలు కూడా ఆ ఏడాదే వస్తాయి. వదిలేసినవాడికి ఆ 7,500 ఇలాగే ఉంటుంది, పక్కన పోగేసిన నష్టం మాత్రం ఉండదు.

ఫ్రిస్కో శైలు: అర్థమైంది అండీ. ఈ ఏడాది 3115 వేయిస్తాను. మా నాన్నగారిని రిజిస్ట్రార్ ఆఫీసుకి పంపించి 2019 నాటి విలువ సర్టిఫికెట్ తెప్పిస్తాను, ఒక వాల్యుయర్‌ని కూడా అడుగుతాను. రెండూ వచ్చాక మాస్టారి లెక్క ఎక్కడ నిలబడుతుందో ఇక్కడే పోస్ట్ చేస్తాను.

బెజవాడ బుల్లోడు: మా బోరు మోటారుకి ఏమీ రాదా ఇంతకీ?

లెక్కల మాస్టారు: రాదండి.