పిల్లలకు ‘పావు తక్కువ నాలుగు’ ఇప్పుడే నేర్పాలా, 3:45 అంటే చాలా?

పెరంబూరు అమ్మ:
మా బాబుకు ఏడేళ్లు, ఇక్కడ చెన్నైలోనే రెండో తరగతి. గోడ గడియారంలో 3:45 అయితే 4:45 అంటాడు. మూడున్నరను ఒకరోజు 3:30 అని, ఒకరోజు 4:30 అని చెబుతాడు. బడిలో ‘క్వార్టర్ టు ఫోర్’ అంటారు. ఇంట్లో మేము ‘పావు తక్కువ నాలుగు’ అంటాం. కింది వాటా వాళ్లు తమిళంలో ‘మూణే ముక్కాల్’ అంటారు. నిన్న క్వార్టర్ టు ఫోర్ రాయమంటే 4:25 అని రాశాడు. ఈ మాటలన్నీ రెండేళ్లు పక్కన పెట్టి 3:45 అని మాత్రమే నేర్పితే తప్పా?

అన్నానగర్ నాన్న:
తప్పు కాదు, అదే మంచిదని నా గట్టి నమ్మకం. ఐదో ఎక్కం వస్తే చాలు. పెద్ద ముల్లు 9 మీద ఉంటే తొమ్మిది ఐదులు నలభై ఐదు. మా అమ్మాయికి వారంలో వచ్చేసింది. పావు అనేది భిన్నం. పావలాలో అది 25, పావు కిలోలో 250, గంటలో 15. ఇన్ని పావులు ఒకేసారి వింటే ఏడేళ్ల పిల్లవాడు 25 రాయక ఏం రాస్తాడు?

లెక్కల టీచరమ్మ:
25 ఎక్కడిదో నాన్నగారు సరిగ్గా పట్టుకున్నారు. కానీ 3:45ను 4:45 అన్న తప్పుకు పావుతో సంబంధం లేదు. అక్కడ నలభై ఐదు సరిగ్గానే చదివాడు కదా, తప్పింది గంట. ఐదో ఎక్కం ఎంత బాగా వచ్చినా ఆ తప్పు పోదు.

బాబు చిన్న ముల్లు ఏ అంకెకు దగ్గరగా ఉంటే ఆ అంకె చదువుతున్నాడు. 3:10కి అది మూడుకే దగ్గర, కాబట్టి తప్పు బయటపడదు. మూడున్నరకు రెండింటికీ నడుమ ఉంటుంది, అందుకే ఒకరోజు మూడు, ఒకరోజు నాలుగు. 3:45కి నాలుగుకే దగ్గర. మీరు చెప్పిన తప్పులు ఈ వరుసకు అచ్చంగా సరిపోతున్నాయి. 3:55 చూపించి అడగండి, 4:55 అంటే అనుమానమే అక్కర్లేదు.

పెద్ద ముల్లును కొన్నాళ్లు దాచేయండి. అట్టతో గడియారం చేసి చిన్న ముల్లు ఒక్కటే పెట్టండి. మూడు దాటి నాలుగుకు చేరకపోతే అది ఇంకా మూడో గంటే అని చెప్పి, ‘మూడు దాటి ఎంత దూరం వచ్చింది?’ అని అడగండి. సగం వచ్చిందంటే మూడున్నర. ఇంకొంచెమే మిగిలిందంటే పావు తక్కువ నాలుగు. చిన్న ముల్లు ఒక్కటే చూసి ఇంత చెప్పగలిగాక పెద్ద ముల్లు తగిలించండి.

ఇంకొకటి. బొమ్మ గడియారాల్లో ముళ్లు దేనికది తిరుగుతాయి. పెద్దవాళ్లమే 3:30 అని చిన్న ముల్లును సరిగ్గా మూడు మీద పెట్టి చూపిస్తాం. అభ్యాస పుస్తకాల బొమ్మల్లోనూ ఈ తప్పు చూశాను. అలా నేర్చుకున్న పిల్లలు నిజమైన గడియారం ముందు తడబడతారు. పాత గోడ గడియారం ఒకటి తీసి, వెనక ఉన్న చక్రం తిప్పించండి. పెద్ద ముల్లు ఒక చుట్టు తిరిగేసరికి చిన్నది ఒక అంకె దాటడం వాడి చేతికే తెలుస్తుంది.

ఆవడి తాతయ్య:
నేను రైల్వేలో పనిచేసి విరమించాను. ఈ గందరగోళమంతా ఉదయం, సాయంత్రం రెండిటికీ ఒకే అంకెలు వాడటం వల్లనే. మా టైంటేబుల్లో 24 గంటల లెక్క, ఎవరికీ అనుమానం ఉండదు. మా మనవడికి అదే నేర్పాను. బస్సు 9:45కి చెన్నైలో బయల్దేరి మధ్యాహ్నం 1:20కి దిగవలసిన ఊరు చేరితే ఎంతసేపు? 13:20 లోంచి 9:45 తీసేయడమే.

లెక్కల టీచరమ్మ:
తాతయ్యగారూ, అమ్మగారు అడిగింది ఉదయం, సాయంత్రం గురించి కాదు. అయినా మంచి లెక్క ఇచ్చారు. పన్నెండు దాటే చిక్కు మీ పద్ధతిలో తీరుతుంది, నిజమే. కానీ ఈ తీసివేత మూడో తరగతి పిల్లలకు ఇస్తే చాలామంది 1320 లోంచి 945 తీసి 375, అంటే 3 గంటల 75 నిమిషాలు అని రాస్తారు. అప్పు తెచ్చింది గంట, అంటే 60. కలిపింది మాత్రం 100. అందుకే జవాబు సరిగ్గా 40 నిమిషాలు ఎక్కువొస్తుంది. 75 కనబడితే తప్పని తెలుస్తుంది. 9:55 నుంచి 11:10 వరకు ఇచ్చి చూడండి. 1 గంట 55 నిమిషాలు అని వస్తుంది, చూడటానికి ఏ లోపమూ ఉండదు. అసలు జవాబు 1 గంట 15 నిమిషాలు.

నేను తీసివేత చేయించను, గీత గీయించి గెంతులు వేయిస్తాను. 9:45 నుంచి పదికి 15 నిమిషాలు. పది నుంచి ఒంటిగంటకు 3 గంటలు. అక్కడి నుంచి ఇంకో 20 నిమిషాలు. మొత్తం 3 గంటల 35 నిమిషాలు.

ఇందులో మొదటి గెంతు చూడండి. 9:45ను ‘పావు తక్కువ పది’ అన్న పిల్లవాడి నోట్లో ఆ గెంతు అప్పటికే ఉంది: పదికి ఇంకా పావు గంట కావాలి. అంకెలు మాత్రమే చదివినవాడు దాన్ని మళ్లీ లెక్కించాలి. ఆ మాటను రెండేళ్లు పక్కన పెట్టొద్దని నేననేది ఇందుకే.

వేళచేరి వాసి:
టీచరుగారి మాట కాదనలేను, కానీ మా ఇంటి అనుభవం వేరు. మా పాపకు తమిళం మాధ్యమం. మూణే ముక్కాల్ అంటే మూడు మీద ముప్పావు, గంట పేరు మారదు. మూడుంపావు, మూడున్నర, మూడు ముప్పావు అని తెలుగులోనూ అనొచ్చు కదా. మా అమ్మమ్మ అలాగే అనేది. మూడు, మూడు, మూడు అని వస్తున్నవాడికి ఉన్నట్టుండి ‘నాలుగు’ వినబడితే నాలుగే పట్టుకుంటాడు. ముందు ఇది కుదిరాక పావు తక్కువ చెప్పండి.

లెక్కల టీచరమ్మ:
గంట తప్పు చదివే పిల్లలకు మీ వరుసే మేలు కావచ్చు, ఒప్పుకుంటున్నాను. గెంతుల లెక్కకు మాత్రం నాకు పావు తక్కువే కావాలి.

అన్నానగర్ నాన్న:
9:25కు బయల్దేరితే ఏ మాట సాయపడుతుంది? చివరికి అంకెలే గతి.

లెక్కల టీచరమ్మ:
9:25కు ఏ మాటా లేదు, నిజం. అప్పుడు ఐదో ఎక్కమే, మీరు చెప్పినట్టే. పదికి ఏడు ఐదులు.

పెరంబూరు అమ్మ:
తొమ్మిది రోజులైంది. 3:55 చూపిస్తే మీరన్నట్టే 4:55 అన్నాడు. పెద్ద ముల్లు తీసేసి రోజూ పడుకునే ముందు ఐదారుసార్లు అడిగాను. నాలుగో రోజుకు ‘ఇంకా నాలుగు రాలేదమ్మా’ అని వాడే అన్నాడు. ఇప్పుడు రెండు ముళ్లతోనూ గంట తప్పడం లేదు. బడి వ్యాను పావు తక్కువ ఎనిమిదికి వస్తుందంటే ఎనిమిది తరవాత అనుకునేవాడు, ఇప్పుడు 7:45 అని తనే రాశాడు.

కొత్త చిక్కు ఒకటి వచ్చింది. నిన్న మధ్యాహ్నం 12:45 చూసి ‘పావు తక్కువ పదమూడు’ అన్నాడు. తప్పు అందామంటే నోరు రాలేదు.

ఆవడి తాతయ్య:
మా లెక్కలో అది తప్పే కాదమ్మా. గడియారం మీద పన్నెండు తరవాత ఏ అంకె ఉందో వేలు పెట్టి చూపించమనండి, ‘ఒకటి’ వాడే అంటాడు.